బెర్లిన్ ఎండ, బాగ్‌లింగంపల్లి బాల్కనీ

మా బావగారి అబ్బాయి స్టుట్‌గార్ట్‌లో ఉంటాడు. కిందటి డిసెంబరులో వాట్సాప్‌లో ఓ వీడియో పంపాడు. బాల్కనీ రెయిలింగుకి రెండు సోలార్ పలకలు, వాటి వెనక పుస్తకమంత పెట్టె, అందులోంచి వైరు, వైరు చివర మామూలు ప్లగ్గు. ప్లగ్గు గోడలో గుచ్చాడు, అయిపోయింది. ‘చూశావా, పైకప్పు అక్కర్లేదు, అసోసియేషన్ సెక్రటరీ కాళ్లు పట్టుకోనక్కర్లేదు’ అని బావగారు పొంగిపోయారు. ఆ పొంగు చల్లారకముందే ఆన్‌లైన్‌లో కిట్టు బుక్ చేశారు. 400 వాట్ల పలకలు రెండు, 800 వాట్ల మైక్రోఇన్వర్టర్ ఒకటి. అట్టపెట్టె మీద రాసింది ఒకటే మాట: ‘ప్లగ్గు పెట్టండి, బిల్లు మరవండి’.

అమ్మినవాడికి చేతులెత్తి మొక్కాలి. జర్మనీ నుంచి ప్లగ్గు తెచ్చాడు. ప్లగ్గు వెనకున్న జర్మనీని మాత్రం అక్కడే వదిలేసి వచ్చాడు.

అక్కడ 2024 మేలో కొత్త చట్టం వచ్చింది. ఇన్వర్టర్ బయటికి తోసేది 800 మించకూడదు, పలకలు మాత్రం 2000 వాట్ల దాకా పెట్టుకోవచ్చు. సర్కారీ రిజిస్టరులో పేరు నమోదు చేసుకోవాలి. ఆ ఏడాది అక్టోబరులో అద్దెకున్నవాళ్లకీ ఈ పలకలు పెట్టుకునే హక్కిచ్చారు. ఇక్కడో? డిస్కం అనుమతి లేకుండా గ్రిడ్‌కి కరెంటు ఎక్కించకూడదు. ఆ సంగతి అట్టపెట్టె మీద ఏ మూలా లేదు. ఐదో అంతస్తు నుంచి కరెంటు తోస్తున్న సంగతి స్తంభమెక్కే లైన్‌మన్‌కి తెలియాలన్న చింత అమ్మేవాడికి ఎందుకుంటుంది?

ఆ 800 అంకె ఎవరి జాతకం చూసి పెట్టింది కాదు. గోడలోని వైరుకి కాపలా ఎంసీబీ. అది గేటు దగ్గర కూర్చున్న వాచ్‌మన్ లాంటిది, గేటులోంచి వచ్చేవాళ్లనే లెక్కపెడుతుంది. 16 ఆంపియర్లు దాటితే ఆపేస్తుంది. మన కిట్టు వెనక గోడ దూకి అదే వైరులోకి మరో మూడున్నర ఆంపియర్లు తోస్తుంది. ఆ లైను మీదే వాషింగ్ మెషీనూ గీజరూ పెడితే వైరులో ఒకచోట పంతొమ్మిదిన్నర దాకా పారుతుంది. వాచ్‌మన్ లెక్కలో మాత్రం పదహారే, కాబట్టి ఆయన నిద్ర చెడదు. మంచి వైరైతే ఆ మూడున్నర ఓర్చుకుంటుంది. అందుకే అక్కడ గీత గీశారు. మన అమ్మకందారు మాత్రం ‘రెండు కిట్లు కొంటే డిస్కౌంట్, మూడు కొంటే ఇంకా డిస్కౌంట్’ అన్నాడు. మూడు కిట్లంటే పదిన్నర ఆంపియర్లు. ఇరవయ్యేళ్ల నాటి ఫ్లాటు, గోడలో ఏ వైరుందో బిల్డరుకే తెలియదు. దాని మీద సాకెట్ చాలలేదని ఎక్స్‌టెన్షన్ బాక్సు. ప్లగ్గు చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగితే అది పాతబడటం కాదు, కాలడం.

బావగారు ఒక్క కిట్టుతోనే ఆగారు. ఆ పుణ్యం అక్కయ్యది.

జనవరిలో దక్షిణపు బాల్కనీకి బిగించారు. మధ్యాహ్నం ఫోన్‌లో 500 వాట్లు కనిపించేసరికి అపార్ట్‌మెంట్ మొత్తాన్నీ పిలిచి చూపించారు. నెల తిరిగింది, బిల్లొచ్చింది. పెరిగింది!

పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. ఫ్రిజ్జు, వైఫై పెట్టె, మరో రెండు చిల్లర వస్తువులు కలిపి 150 వాట్లు తింటాయి. మిగిలిన 350 బయటికి పోతుంది. పోతే పోయింది, ఊరికి దానం అనుకోవచ్చు. కానీ మన దగ్గర చాలా మామూలు మీటర్లను కరెంటు దొంగల్ని దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు. కరెంటు ఎటు పారినా వాడకం కిందే రాస్తాయి. అంటే బావగారు దానం చేసిన కరెంటుకి బావగారే డబ్బు కట్టారు.

నమ్మలేదు. ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం ఇంట్లో ఫ్రిజ్జుతో సహా అన్నీ ఆపేసి, కిట్టొక్కటే ఉంచి, సెల్లార్‌లో మీటర్ల గదికి దిగాం. మెయిన్ ఆపలేదు. ఆపితే కిట్టూ ఆగిపోతుంది. మీటరు మీద 3200 అని రాసుంది, అంటే యూనిట్‌కి అన్నిసార్లు ఎర్ర లైటు వెలుగుతుంది. ఇంట్లో వాడకం సున్నా. లైటు మాత్రం రెండు సెకన్లకోసారి కన్ను కొడుతూనే ఉంది. బావగారు కూడా కాసేపు దానివైపే కన్నార్పకుండా చూసి, ఏమీ మాట్లాడకుండా లిఫ్టెక్కారు. రెండువైపులా లెక్కపెట్టే నెట్ మీటరు లేకుండా ప్లగ్గు పెడితే జరిగేది ఇదీ.

పోనీ, కరెంటు పోయినప్పుడైనా పనికొస్తుందనుకున్నారు. రాదు. గ్రిడ్ పోతే కిట్టు క్షణంలో ఆగిపోవాలి. లేకపోతే ఊడదీసిన ప్లగ్గు కాళ్లు ముట్టుకున్న పిల్లవాడికీ, లైను బాగుచేసే మనిషికీ షాకే. ఆ భద్రత కోసం లోపల రిలే ఉండాలి. అది లేని మైక్రోఇన్వర్టర్లు అమ్ముడుపోయాయని 2023లో జర్మనీలోనే గోలయింది, తర్వాత విడి పెట్టెలు తగిలించాల్సి వచ్చింది. అంత తనిఖీ ఉన్నచోటే అలా ఉంటే, ఏ ముద్రా లేని మన అట్టపెట్టె సంగతి వేరే చెప్పాలా? బావగారు ఇంకో అడుగు వేసి, హాల్లోని బ్యాటరీ యూపీఎస్ సాకెట్‌కి కిట్టు తగిలిద్దామన్నారు. చవక యూపీఎస్ ఇచ్చే కరెంటు చూసి కిట్టు మొరాయిస్తుంది. మంచి యూపీఎస్ అయితే దాన్నే గ్రిడ్ అనుకుని ఎదురు తోస్తుంది, యూపీఎస్ బోర్డు మాడిపోవచ్చు. అక్కయ్య మళ్లీ అడ్డుపడింది.

అసలు దెబ్బ వేసవిలో తగిలింది. ఏప్రిల్‌లో ఫోన్‌లో అంకె దిగుతూ వచ్చింది, మే నెలలో వంద దగ్గర చతికిలబడింది. బయట నిప్పులు కురుస్తుంటే సోలార్‌కి జలుబు చేసినట్టుంది! పలకలు చెడిపోయాయని అమ్మినవాడికి ఫోన్ చేస్తే, ‘తడిగుడ్డతో తుడవండి సార్’ అన్నాడు.

తుడవాల్సింది పలక కాదు, భూగోళం. బెర్లిన్‌లో సూర్యుడు నడివేసవిలో కూడా నడినెత్తికి రాడు, దక్షిణంగా వాలే ఉంటాడు. అందుకే నిలువు పలకకి అక్కడ ఎండ తగులుతుంది. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో నీడ లేని రోజు వస్తుంది. ఆ రోజు నుంచి మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో వచ్చే నీడ లేని రోజు దాకా సూర్యుడు ఉత్తరంవైపే తిరుగుతాడు. అన్ని రోజులూ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా దక్షిణపు గోడ మీద నేరుగా ఎండ పడదు. ఆ వంద వాట్లూ ఆకాశపు వెలుతురు విదిల్చిన ముష్టి.

ఒక్కో పలక రెండు చదరపు మీటర్లు, ఇరవై కిలోల పైన. గంటకి వంద కిలోమీటర్ల గాలి ఎదురుగా కొడితే దాని మీద తొంభై కిలోల పైగా తోపు పడుతుంది. అమ్మినవాడు బిగించమని ఇచ్చింది ప్లాస్టిక్ పట్టీలు. కింద పిల్లలు క్రికెట్ ఆడతారు. జూన్ మొదటి గాలివానకి ముందే సెక్రటరీ వచ్చి దింపించారు. ఇన్నాళ్లలో ఆయన చేసిన ఒకే ఒక్క మంచి పని అదే, రాసిపెట్టుకోండి.

మీకూ ఆ వీడియో వచ్చుంటుంది. కొనేముందు మే నెలాఖరున ఒక మిట్టమధ్యాహ్నం మీ దక్షిణపు బాల్కనీలో పది నిమిషాలు కూర్చోండి. చెమట పడుతుంది. ఎండ మాత్రం పడదు.