భార్యాభర్తల నాలుగు లక్షలు

తెల్లాపూర్ నుంచి కొల్లూరు దాకా కొత్త ప్రాజెక్టు ఫ్లెక్సీ కనపడ్డ ప్రతిచోటా ఈమధ్య ఒకే జంట. ఇద్దరూ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతుంటారు. కింద పెద్ద అక్షరాలతో ‘కలిసి అప్పు తీసుకోండి, ఏటా 4 లక్షలు ఆదా చేసుకోండి’. దాని కింద చిన్న అక్షరాలతో, కట్టుబడి జరుగుతుండగా కట్టే ప్రీ-ఈఎంఐ కూడా వృథా కాదని, ప్రభుత్వం అయిదు వాయిదాల్లో తిరిగి ఇచ్చేస్తుందని భరోసా. సేల్స్ ఆఫీసులో కాఫీ ఇచ్చే కుర్రాడికి కూడా ఈ లెక్క నోటికి వచ్చు. వినీ వినీ చెవులు తుప్పుపట్టాయి గనక కాస్త కాగితం మీద వేసి చూద్దాం.

ముందు ఆ ‘ఆదా’ సంగతి. ఆదాయంలోంచి మినహాయించే వడ్డీయే 4 లక్షలు తప్ప, మిగిలే పన్ను కాదు. 30 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి ఇద్దరికీ మిగిలేది 1,24,800 రూపాయలు. ఫ్లెక్సీ మీద ఆ అంకె వేస్తే పళ్లన్నీ కనపడేలా నవ్వడం కష్టం కాబోలు.

ఇక అయిదు వాయిదాలు. నాకు మహా ఇష్టమైన ఘట్టం ఇదే. ఒక దంపతులు 2021 జూలైలో 60 లక్షల అప్పు పెట్టారనుకోండి, వడ్డీ ఎనిమిదిన్నర శాతం. శ్లాబు పడినప్పుడల్లా బ్యాంకు కొంత కొంత విడుదల చేస్తూ పోయింది. 2025 డిసెంబరులో ఇల్లు చేతికొచ్చింది. ఇల్లు పూర్తయిన ఆర్థిక సంవత్సరానికి ముందు దాకా, అంటే 2025 మార్చి 31 వరకూ కట్టిన వడ్డీ కట్టుబడికి ముందు వడ్డీ కింద లెక్క. అది 12 లక్షలు అయిందనుకుందాం. చట్టం దాన్ని అయిదుగా కోసి, 2025-26 నుంచి ఏటా 2 లక్షల 40 వేల చొప్పున చూపించుకోమంటుంది. ఎంత ఉదారం!

కానీ అదే ఏడాది నడుస్తున్న వడ్డీ మాటేమిటి? 60 లక్షల మీద సుమారు 5 లక్షల 10 వేలు. చెరి సగం వేసుకున్నా తలా 2 లక్షల 55 వేలు. సొంతంగా ఉండే ఇంటికి ఒక్కొక్కరికి దొరికే మినహాయింపు గరిష్ఠంగా 2 లక్షలు. నడుస్తున్న వడ్డీయే ఆ గది నింపేసి గడప అవతల నిలబడి ఉంది. ఆ 2 లక్షల 40 వేలు ఎక్కడ కూర్చోవాలి? పాత వడ్డీకి వేరే గది లేదు, రెండూ కలిపే 2 లక్షలు. మిగిలింది వచ్చే ఏటికి పోదు, ఆ ఏడే గాలిలో కలుస్తుంది. రెండో ఏడూ అంతే, మూడో ఏడూ అంతే. అయిదేళ్లూ రిటర్నులో ఆ అంకె వేసుకుంటూ పోవచ్చు, పన్ను ఒక్క రూపాయి తగ్గదు.

ఇక్కడ మా ఆడిటరు మిత్రుడు అడ్డు తగులుతాడు, ‘అందరికీ అలా కాదండీ’ అని. కాదు, ఒప్పుకుంటాను. ఇద్దరి పేరునా అప్పు 35 లక్షలే అయితే నడుస్తున్న వడ్డీ తలా లక్షా 49 వేల దగ్గర ఆగుతుంది. ఇంకో 51 వేల చోటు ఉంటుంది గనక పాత వడ్డీలోంచి అంత మేర పనికొస్తుంది, దానివల్ల తలా పదహారు వేల పన్ను తగ్గుతుంది. అద్దెకిచ్చిన ఇల్లయితే ఈ 2 లక్షల పరిమితి వడ్డీ మీద పడదు, అక్కడి ఆంక్షలు వేరు. కానీ అయ్యా, కొల్లూరులో 35 లక్షల అప్పుతో మూడు పడగ్గదుల ఫ్లాటు ఎవరిస్తున్నారో ఆ ఫ్లెక్సీ జంటనే అడగండి. ఈ 2 లక్షల పరిమితి 2014 బడ్జెట్ నాటిది. అప్పటి ఫ్లాటు ధరలు గుర్తున్నవాళ్లు నిట్టూర్చండి. 1961 చట్టంలో సెక్షన్ 24(బి)గా ఉన్నది 2025 చట్టంలో సెక్షన్ 22 అయింది. నంబరు మారింది, పరిమితి కదల్లేదు.

భార్యాభర్తలు పంచుకోవడంలో ఇంకో వేడుక. ఈ ఏడు నా జీతం ఎక్కువ గనక 70-30 వేసుకుంటా, వచ్చే ఏడు ఆవిడకి ప్రమోషన్ గనక తిరగేస్తా అనేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. రిజిస్ట్రేషన్ దస్తావేజులో ఉన్న వాటా ఏటా శ్లాబును చూసి అటూ ఇటూ దొర్లదు. ఆవిడ పేరు అప్పులో ఉండి దస్తావేజులో లేకపోతే ఆవిడకి సున్నా. దస్తావేజులో ఉండి అప్పులో లేకపోయినా సున్నా. రెండింటిలోనూ ఉండి, ఆదాయం లేని గృహిణి అయితే 2 లక్షల మినహాయింపు ఎందులోంచి తీసేయాలి, వంటింటి లెక్కలోంచా?

ఇంతదాకా నవ్వుకున్నాం. ఇకముందు నాకు నవ్వు రావడంలేదు. అప్పు తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసిన అయిదేళ్లలోగా కట్టుబడి పూర్తి కావాలి. కాకపోతే ఆ 2 లక్షలు కాస్తా 30 వేలు అయిపోతాయి. ఒక ఏడాదికి కాదు, అప్పు తీరేదాకా. 2021 మార్చిలో అప్పు తీసుకున్నవాడికి గడువు 2026 మార్చి 31తో సరి. నెల ఆగి ఏప్రిల్‌లో తీసుకున్నవాడికి ఇంకో ఏడాది ఉంది. ఆలస్యం చేసింది ఎవరు? బిల్డరు. లిఫ్టు రాలేదనీ, అనుమతి రాలేదనీ, కూలీలు ఊళ్లకు పోయారనీ చెప్పుకుంటూ వచ్చింది బిల్డరు. శిక్ష మాత్రం ఒక చేత్తో అద్దె, ఇంకో చేత్తో ప్రీ-ఈఎంఐ కడుతున్నవాడికి. పైన చెప్పిన 60 లక్షల అప్పు మీద మొదటి నెల వడ్డీయే 42,500. ఏడాది మొత్తానికి 30 వేలు మినహాయిస్తారట! మనిషికి ఏటా 53 వేల పైచిలుకు పన్ను అదనంగా పడుతుంది, ఇద్దరికీ కలిపి లక్ష దాటుతుంది. కొనుక్కున్నవాడి అదుపులో లేని తప్పుకి కొనుక్కున్నవాడినే జీవితాంతం వాయించే ఈ నిబంధన రాసినవారు ఏ అద్దింట్లోనూ ఉండి ఉండరు. బిల్డరు ఆలస్యాన్ని పక్కనపెట్టి గడువు లెక్కించడానికి ఎవరికీ మనసు రాలేదు. 2016 బడ్జెట్‌లో మూడేళ్ల గడువును అయిదు చేసి చేతులు దులుపుకున్నారు.

అసలు ఈ లెక్కంతా పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. అడక్కుండా వర్తించే కొత్త విధానంలో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపే లేదు. సరే, పాతదానికే పోదామంటే, 24 లక్షల 75 వేల జీతం వచ్చేవాడికి అది గిట్టాలంటే స్టాండర్డ్ డిడక్షన్ కాక 8 లక్షల మినహాయింపులు కావాలి. 80సి లక్షన్నర, ఎన్‌పీఎస్ 50 వేలు, ఆరోగ్య బీమా 25 వేలు, ఇంటి వడ్డీ 2 లక్షలు, అన్నీ ఊడ్చి కూడినా నాలుగుంపావు లక్షలు. ఆ ఫ్లెక్సీ జంట ఏ విధానంలో ఉందో ఏ బ్రోచర్‌లోనూ చెప్పరు.

అప్పు పత్రం మాత్రం ఇంత గజిబిజిగా ఉండదు. మినహాయింపులో ఆవిడ వాటా సగమో, పాతికో, సున్నానో ఏదైనా కావచ్చు. అప్పులో వాటాల్లేవు. ఆయన వాయిదాలు ఆపేసిన రోజున బ్యాంకు 60 లక్షలకూ ఆవిడ తలుపు తట్టొచ్చు.