జ్యేష్ఠంలో వినాయకుడు

చందా పుస్తకం అచ్చవకముందే తెలుగు వెబ్‌సైట్లలో వినాయకుడు వెలుస్తాడు. 2026లో చవితి సెప్టెంబర్ 14న. గడుసు ఎడిటర్ అయితే జూన్‌లోనే, అంటే జ్యేష్ఠంలోనే, ఇరవై ఒక్క పత్రి పేర్లూ రాయించి పేజీ బయటపెట్టేస్తాడు. భక్తి ముదిరి కాదు. కొత్త పేజీని గూగుల్ చూసి, చేర్చుకుని, నాలుగు సైట్ల మధ్య ఓ చోటివ్వడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది. జనమేమో పండగ గుమ్మంలోకొచ్చాకే పత్రి కోసం వెతుకుతారు.

ఇంకో రకం ఎడిటరున్నాడు. ఈయనకు 'షెడ్యూల్' అన్న మాటంటే ప్రాణం. జూన్‌లోనే వ్యాసం రాయించి, సెప్టెంబర్ 13 ఉదయం ఆరింటికి విడుదలయ్యేలా వర్డ్‌ప్రెస్‌లో పెట్టి, మూడు నెలలు ముందున్నానని మీసం మెలేస్తాడు. విడుదల కాని పేజీ గూగుల్‌కు కనిపించనే కనిపించదు. ఈ మూడు నెలలూ పరుగెత్తింది ఆయన మీసమే, పేజీ కాదు. పైగా వర్డ్‌ప్రెస్ గడియారం మామూలుగా ఎవరైనా సైటుకొస్తేనే కదులుతుంది. ఆరింటికి ఒక్కడూ రాకపోతే వ్యాసం ఆరింటికి రాదు. ఒక్కోసారి Missed schedule అన్న ఎర్ర అక్షరాలే మిగులుతాయి.

తేదీలదీ ఓ ప్రహసనమే. 2025 చవితి ఆగస్టు 27న వచ్చింది కదా అని పాత పట్టికనే దింపేసుకున్నవాడికి 2026లో అధిక జ్యేష్ఠం అడ్డుపడింది. ఉగాది పదకొండు రోజులు ముందుకు జరిగితే, చవితి పద్దెనిమిది రోజులు వెనక్కి పోయింది. సర్చ్ ఇంజిన్ నిపుణులను పెట్టుకున్న ఆఫీసులో పది రూపాయల పంచాంగం లేకపోతే ఇంతే.

అన్నిటికన్నా పెద్ద దుబారా చిరునామాలో జరుగుతుంది. ఏటా /vinayaka-chavithi-2025, తర్వాత /vinayaka-chavithi-2026 అంటూ కొత్త పేజీ తెరిచి, పాతదానికి వచ్చిన లింకులన్నీ నిమజ్జనం చేస్తారు. ఏటా వచ్చే సందర్భాలకు ఒకే చిరునామా వాడండని గూగుల్ 2020లోనే, అమెరికా వాళ్ల బ్లాక్ ఫ్రైడే అమ్మకాల సందర్భంగా చెప్పింది. /vinayaka-chavithi-pooja అని ఒక్కటి పెట్టుకుని, ఏటా లోపలి తేదీ, ముహూర్తం మార్చుకుంటే చాలు. తేదీ ఒక్కటే మార్చి 'తాజా' అని బోర్డు పెట్టడం మాత్రం వేరే విద్య.

ఆ విద్యకు పరాకాష్ఠ ఇంటర్ ఫలితాలు. పరీక్షలింకా మొదలవకముందే, జనవరిలోనే 'ఫలితాలు విడుదల, డైరెక్ట్ లింక్ ఇదిగో' అని శీర్షిక. లోపల ఇంటర్ బోర్డు అంటే ఏమిటో ఆరు పేరాలు, అడుగున పనిచేయని లింకు. హాల్ టికెట్ నంబర్ ఎక్కడ కొట్టాలి, రీకౌంటింగ్‌కు ఎలా పెట్టుకోవాలి, సప్లిమెంటరీ ఫీజు ఎలా కట్టాలి అని రాస్తే జనవరి పేజీ కూడా ఏప్రిల్‌లో అక్కరకొస్తుంది. అది రాయడానికి ఎవరికీ తీరిక లేదు.

వెతుకులాట నిరుడు ఏ వారంలో మొదలైందో సర్చ్ కన్సోల్ గీత గీసి మరీ చూపిస్తుంది. మన ఎడిటర్ దాన్ని తెరిచేది నిమజ్జనం మర్నాడు. అప్పటికి జనం బతుకమ్మ పాటల్లో ఉంటారు.