పెట్టెలో అయిదువేలు, జేబులో అప్పులు

చిట్యాల హైవే మీద ఊరు. హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు పోయే పెద్దసారు ఎవరైనా, ఎప్పుడైనా ఇక్కడ బండి ఆపవచ్చు. ఆపితే ఏదో ఒక ఆఫీసులోకి అడుగు పెడతారు. అడుగు పెడితే కుర్చీ తుడవాలి. వాటర్ బాటిల్ రావాలి, చాయ్ రావాలి, బిస్కెట్లు రావాలి. అదృష్టం మరీ బాగుంటే శాలువా కూడా రావాలి. వస్తాయి, తప్పకుండా వస్తాయి. పైసలు ఎక్కడి నుంచి వస్తాయని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే మర్యాద తక్కువ!

చిట్యాలలోనే ఒక చిన్న సర్కారు ఆఫీసు ఉందనుకుందాం. పేరెందుకు? మీ ఊళ్లో ఉన్నది కూడా ఇలాంటిదే. అక్కడ ఒక ఇనుప పెట్టె, ఒక క్యాష్ బుక్, వాటికి కాపలాగా ఒక జూనియర్ అసిస్టెంటు. పెట్టెలో 5,000 రూపాయలు. సర్కారు భాషలో దీని పేరు పర్మనెంట్ అడ్వాన్స్. బయట కంపెనీల్లో పెట్టీ క్యాష్ అంటారు, ఇంప్రెస్ట్ అంటారు. ఏమన్నా మర్మం ఒక్కటే.

ఆ మర్మం ఎంత అందమైనదంటే, దాన్ని కనిపెట్టినవాడికి మొక్కాలనిపిస్తుంది. పెట్టెలో ఉన్న నగదు, ఖర్చైన దానికి వోచర్లు, ఈ రెండూ కలిపితే ఏ రోజు చూసినా 5,000 రావాలి. గంతే. నెల రోజుల్లో వాటర్ క్యాన్లకు 600, జిరాక్సులకు 620, స్పీడ్ పోస్టులకు 340, చీపుర్లు, ఫినాయిల్‌కు 480, ప్రింటర్ టోనర్ నింపడానికి 450, నల్లగొండకు ఫైళ్లు మోసిన ఆటోకు 400, మీటింగు చాయ్‌లకు 750 అయిందనుకోండి. మొత్తం 3,640. పెట్టెలో మిగిలింది 1,360. రెండూ కూడండి, 5,000. ఇప్పుడు ఆ 3,640కి బిల్లు పెట్టాలి. అంతే సొమ్ము వెనక్కి రావాలి, పెట్టె మళ్లీ 5,000 కావాలి.

ఇక్కడో సంగతి. ‘‘రౌండుగా నాలుగు వేలు పెట్టేయవోయ్’’ అనే ఉదార హృదయులు ప్రతి ఆఫీసులో ఉంటారు. పెడితే ఏమవుతుంది? పెట్టె 5,360 అవుతుంది. ఆ 360కి వోచరు లేదు, కారణం లేదు, వారసుడు లేడు. దిక్కులేని సొమ్ము మీద ముందు కన్ను పడుతుంది, తర్వాత చెయ్యి పడుతుంది. అందుకే ఖర్చయినంతే నింపాలి. రూపాయి ఎక్కువ వద్దు, రూపాయి తక్కువ వద్దు. ఒకటో తరగతి పిల్లవాడికి కూడా అర్థమయ్యే నియమం ఇది. మరి పెద్ద చదువులు చదివినవాళ్లకు ఎందుకు అర్థం కాదు?

నింపడం దగ్గరే అసలు నాటకం మొదలవుతుంది. అసిస్టెంటు కంటింజెంట్ బిల్లు రాస్తాడు, వోచర్లు జత చేస్తాడు, సారు సంతకం పెడతాడు. బిల్లు ట్రెజరీకి పోతుంది. అక్కడ ఒక అబ్జెక్షన్. ఆటోకు 400 ఇచ్చారు కదా, రసీదేది? ఏ ఆటోవాలా రసీదు పుస్తకం జేబులో పెట్టుకుని తిరుగుతాడండీ? సరే, ఫలానా పనికి ఫలానా సొమ్ము ఇచ్చానని సర్టిఫికెట్ రాసి మళ్లీ పంపాలి. బిల్లు పాసయింది. టోకెన్ నంబర్ వచ్చింది. పైసలు వచ్చాయా? ఆగండి, తొందరెందుకు! ట్రెజరీ పాస్ చేస్తే సరిపోతుందా? పైన ఆర్థిక శాఖ సొమ్ము వదలాలి. టోకెన్ పడింది, పైసలు పడలేదు. తెలంగాణలో సర్కారుకు ఏ చిన్న బిల్లు పెట్టినవాడిని కదిపినా చెప్పే కథ ఇదే. కాంట్రాక్టరు కోట్ల కోసం ధర్నా చేస్తాడు, పేపర్లో ఫొటో పడుతుంది. 3,640 కోసం ఎవరు ధర్నా చేస్తారు? చేస్తే నవ్వరా?

ఈలోపు రెండో నెల వస్తుంది. దాహం ఆగుతుందా? జిరాక్సు ఆగుతుందా? పైనుంచి వచ్చే ‘అర్జెంట్’ మెసేజ్ ఆగుతుందా? మళ్లీ 3,640 ఖర్చు. పెట్టెలో ఉన్నది 1,360. తక్కువ పడింది 2,280. ‘‘సార్, పెట్టెల పైసల్ లేవు’’ అంటాడు అసిస్టెంటు. ‘‘చూస్కోవయ్యా, తర్వాత అడ్జస్ట్ చేద్దాం’’ అంటాడు సారు, ఫోన్‌లోంచి తలెత్తకుండా. చూసుకోవడం అంటే ఏమిటి? జేబులో చెయ్యి పెట్టుకోవడం. సారు జేబులో కాదు లెండి.

మూడో నెల కూడా అంతే. మూడు నెలలకు ఖర్చు 10,920. సర్కారు ఇచ్చింది 5,000. మిగతా 5,920 ఒక చిన్న ఉద్యోగి జీతం నుంచి సర్కారుకు వడ్డీ లేని అప్పు. ప్రపంచ బ్యాంకు దగ్గరికి పోవాల్సిన పని లేదు. చిట్యాలలో జూనియర్ అసిస్టెంటు ఉండగా మనకేం లోటు?

ఇది చాలదన్నట్టు పెట్టెలో ఒక చిట్టీ ఉంటుంది. ‘సారుకు 1,000’ అని రాసి, కింద తేదీ. చేబదులు. చిట్టీ వోచరా? కాదు. నగదా? అస్సలు కాదు. ఆ చిట్టీ ఉన్నన్నాళ్లూ పెట్టె అబద్ధం చెబుతున్నట్టే. తర్వాత సారుకు ట్రాన్స్‌ఫర్ అవుతుంది. సన్మానం జరుగుతుంది. శాలువా పెట్టె సొమ్ముతోనే కొంటారు. చిట్టీ మాత్రం ట్రాన్స్‌ఫర్ కాదు.

ఇప్పుడు క్యాష్ బుక్ తెరవండి. అసిస్టెంటు జేబు ఖర్చు అందులో ఎలా రాయాలి? నగదు నిల్వ మైనస్ 2,280 అని రాస్తే ఊరుకుంటారా? మైనస్ నోట్లు ఏ బ్యాంకు అచ్చు వేస్తుంది? అందుకే రాయడు. సొరుగులో వేరే ఓ చిన్న నోటుబుక్కు పెట్టుకుంటాడు. అసలు లెక్క అందులో ఉంటుంది. అసలు పుస్తకం మాత్రం ఉన్న 1,360 ఖర్చు రాశాక సున్నా దగ్గర నిద్రపోతుంది. ఆ తర్వాత ఆఫీసులో ఎవరూ చాయ్ తాగలేదు, ఎవరూ జిరాక్స్ తీయలేదు. ఎంత పొదుపైన ఆఫీసు!

ఫోన్‌పే వచ్చాక కథ ఇంకా చిక్కుపడింది. చాయ్ కొట్టుకు అసిస్టెంటు తన సొంత ఫోన్ నుంచి కొడతాడు. పెట్టెలోంచి నోటు కదలదు. తర్వాత తీసుకుంటాడా, మరిచిపోతాడా, రెండుసార్లు తీసుకుంటాడా? చెప్పేవాడు లేడు. బిల్లు ఏదంటే స్క్రీన్‌షాట్ చూపిస్తాడు. పైసలు పోయాయని స్క్రీన్‌షాట్ చెబుతుంది. ఏం కొన్నారో, ఎవరి కోసం కొన్నారో, ఎవరు కొనమన్నారో చెప్పదు కదా!

చివరికి ఒకరోజు పైసలు వస్తాయి. లేదా రాబోతున్నాయని గాలివార్త వస్తుంది. అప్పుడు మొదలవుతుంది వోచర్ల పండుగ. జిరాక్స్ షాపతను ఖాళీ బిల్లు పుస్తకం ఇస్తాడు. 41, 42, 43, 44... వరుస నంబర్లు, వేర్వేరు నెలల తేదీలు. మధ్యలో మూడు నెలలు ఆ షాపుకు ఇంకో గిరాకీయే రాలేదన్నమాట, పాపం! చేతిరాత ఒకటే, పెన్ను ఒకటే. ఒక తేదీ ఆదివారం. అన్నీ 500, 750, 1,000 లాంటి రౌండు అంకెలు. పట్టుకోవడానికి పెద్ద ఆడిటర్ అక్కర్లేదు, బిల్లు నంబరు పక్కన తేదీ పెట్టి చదివితే చాలు. పాత వోచరు మీద చెల్లించినట్టు ముద్ర కొట్టి రద్దు చేయాలన్న నియమం ఎందుకుంది? అదే కాగితం మళ్లీ బిల్లులో దూరకుండా. ఆ ముద్ర సొరుగులోనే ఉంది. ఇంకుప్యాడ్ మాత్రం ఎప్పుడో ఎండిపోయింది.

దొంగ బిల్లు పెట్టినవాడిని వెనకేసుకు రావడం లేదు. కానీ ఒకసారి ఆలోచించండి. వాడు తన 5,920 కోసం దొంగ కాగితం రాశాడు. ఒకసారి చెయ్యి తిరిగాక 6,900 రాయడానికి అడ్డేముంది? నిజాయితీపరుడికి అబద్ధం నేర్పి, ఆ తర్వాత అబద్ధమాడాడని మెమో ఇస్తారు. బడి పెట్టిందెవరు? ఫీజు కట్టిందెవరు?

నెలాఖరున ఆఫీసు పెద్ద స్వయంగా నగదు లెక్కపెట్టి, సరిపోయిందని పుస్తకంలో సర్టిఫికెట్ రాసి సంతకం చేయాలని నియమం. చేస్తారు! కాకపోతే పన్నెండు నెలల సంతకాలు ఆడిట్ పార్టీ వచ్చే ముందు రోజు సాయంత్రం, చాయ్ తాగుతూ. ఆ చాయ్ కూడా పెట్టె ఖాతాలోనే.

మరి పెట్టెను పెంచవచ్చు కదా అంటారా? పెంచాలి. సొమ్ము వెనక్కి రావడానికి మూడు నెలలు పడితే, పెట్టెలో మూడు నెలల ఖర్చు ఉండాలి. మన లెక్కలో అది దాదాపు 11,000. ప్రతిపాదన పంపండి. పైవాళ్లు ఏమడుగుతారు? గడిచిన ఏడాది నెలసరి ఖర్చు సగటు ఎంత అని. పుస్తకం తీస్తారు. అందులో కొన్ని నెలలు ఖర్చే లేదు! జేబులోంచి పెట్టింది పుస్తకంలోకి ఎక్కలేదు కదా, ఆ సొమ్ముకు బిల్లే పెట్టలేదు కదా. సగటు పడిపోయింది. ‘‘మీకు 5,000 కూడా ఎక్కువే’’ అని జవాబు వస్తుంది. ఎంత చక్కటి ఉచ్చు! తన జేబుతో ఆఫీసు నడిపినవాడే, ఆఫీసుకు సొమ్ము అక్కర్లేదని రుజువు చేశాడు.

ప్రైవేటు ఆఫీసులు దీనికంటే మెరుగని సంబరపడకండి. అక్కడ ఓనరుగారి ఇంటి గ్యాస్ సిలిండరు ‘ఆఫీసు మెయింటెనెన్స్’ కింద పోతుంది. ఇక్కడ ట్రెజరీ అడ్డు, అక్కడ ఓనరే అడ్డు.

ఇక పైన ఏం జరుగుతోందో చూడండి. పెద్ద శాఖలకు ఇంకో దారి ఉంది. అబ్‌స్ట్రాక్ట్ కంటింజెంట్ బిల్లు. ముందు సొమ్ము డ్రా చేయండి, లెక్క తర్వాత చెప్పండి. ఆ తర్వాత వోచర్లతో వివరాల బిల్లు పంపాలి. పంపుతున్నారా? రాష్ట్ర ఆర్థిక స్థితి మీద కాగ్ ఇచ్చే నివేదికల్లో, పెండింగులో ఉన్న ఈ వివరాల బిల్లుల గురించి మొత్తుకోళ్లు మనకు కొత్త కాదు. అడ్వాన్సు తీసుకున్న పెద్దల మీద ఏ క్లర్కూ అబ్జెక్షన్ రాయలేడు. ఆటోవాలా రసీదు లేని 400 మీద మాత్రం ఎర్ర ఇంకు సిద్ధం. ముందు ఖర్చు పెట్టినవాడు మూడు నెలలు ఆగాలి, ముందు సొమ్ము తీసుకున్నవాడు మాత్రం ఎప్పుడైనా లెక్క చెప్పవచ్చు. ఇదేం న్యాయం?

సారూ, మీరు చదువుతున్నారని తెలుసు. ఈ నెలాఖరున సంతకం పెట్టే ముందు పెట్టె తాళం తీయించండి. నోట్లు మీరే లెక్కపెట్టండి. చేతిలో ఉన్న వోచర్లు కూడండి, ట్రెజరీలో ఇరుక్కున్న బిల్లులు కూడండి. సొరుగులోని చిన్న నోటుబుక్కు కూడా బయటికి తీయించండి, భయపడకుండా ఇవ్వమనండి. మొత్తం 5,000కి తగ్గితే తిన్నది ఎవరో అడగండి, ముందుగా ఆ చిట్టీ మీద పేరు చూడండి. 5,000 దాటితే, ఆ ఎక్కువ ఎవరి జీతమో అడిగి, మీ ముందు నిలబడ్డ మనిషికి ముందు అది ఇప్పించండి.