ఐదు లీటర్ల లెక్క తప్పిన లెక్కల సారు

తొమ్మిదో తరగతి పిల్లలకు స్థూపం ఘనపరిమాణం ఇరవై రెండేళ్లుగా చెప్తున్నాను. బోర్డు మీద గొట్టం బొమ్మ గీసి, వ్యాసార్థం ఇంత, పొడవు ఇంత, ఎన్ని లీటర్ల నీళ్లు పడతాయో చెప్పండిరా అని అడుగుతాను. తప్పు చెప్పిన పిల్లవాడి చెవి కూడా మెలేసేవాణ్ని ఒకప్పుడు. ఇప్పుడు చెప్పబోయేది విన్నాక ఆ పిల్లలెవరైనా వచ్చి నా చెవి మెలేసినా కాదనను.

మా ఇల్లు ఇటిక్యాలలో. నల్లాకు మిషన్ భగీరథ నీళ్లు వస్తాయి, రోజుకు గంటసేపు. ఆ గంటలో సంపు నిండదేమోనన్న భయంతో నేను నల్లా పైపుకే చిన్న మోటారు బిగించుకున్నాను. అది తప్పని నాకు తెలుసు. మా వీధిలో సగం ఇళ్లవాళ్లకూ తెలుసు.

మొన్న ఎండాకాలం మోరీ కోసం జేసీబీతో తవ్వుతుంటే వీధి పైపు పగిలింది. రెండు రోజులు నీళ్లు బంద్. అతుకు వేశారు, మూడో రోజు పొద్దున నీళ్లు వదిలారు. ముందు నల్లా తుస్సు తుస్సుమని గాలి కక్కింది. తర్వాత వచ్చిన నీళ్లు పల్చటి బెల్లం పానకంలా ఉన్నాయి. బుద్ధి ఉన్నవాడైతే అక్కడే ఆగేవాడు. రెండు రోజుల కరువు మీద ఉన్న నేను మోటారు స్విచ్ వేశాను. అరగంటలో సంపు నిండింది. ఆ ఊపులో రెండో మోటారు కూడా వేసి, మిద్దె మీది వెయ్యి లీటర్ల ట్యాంకు నింపేశాను. అంటే వీధిలో ఉన్న మురికిని పిలిచి, మెట్లెక్కించి, నెత్తిన కూర్చోబెట్టుకున్నాను.

మొదట పట్టుకున్నది మా అత్తమ్మ. చాయ్ డికాషన్ నల్లగా, సిరాలా తిరిగింది. "ఇందుల ఇనుము ఉంది నాయినా, మా నాయిన కరక్కాయతో సిరా కాసినప్పుడు ఇట్లనే ఉండె" అన్నది. ఆమె మాటలో శాస్త్రం ఉంది. కరక్కాయలో, తేయాకులో ఉండే వగరు ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది. పాతకాలం సిరా అట్లాగే అన్నభేది వేసి తయారు చేసేవాళ్లు. నేను మాత్రం చాయ్ పొడి బాగాలేదని దుకాణం వాడిని తిట్టాను.

తర్వాత నా రెండో తెలివి. నీళ్లు పచ్చగా ఉన్నాయంటే క్రిములున్నట్టే అనుకొని, ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు రెండు గుప్పిళ్లు చల్లాను. నీళ్లు తేటపడలేదు సరికదా, ఇంకా ఎర్రబడ్డాయి. నీళ్లలో కరిగి కంటికి కనిపించని ఇనుము కూడా క్లోరిన్ తగిలితే తుప్పుగా మారి బయటపడుతుందని నాకు అప్పుడు తెలియదు. పైగా ట్యాంకు అడుగున బురద ఉంటే వేసిన క్లోరిన్‌ను అదే తినేస్తుంది, క్రిములకు మిగిలేది తక్కువ. అదే నీళ్లలో మా ఆవిడ నా తెల్ల పంచె నానబెట్టింది, బావమరిది గృహప్రవేశానికి కట్టుకుందామని. తీసి చూస్తే అంచు పొడవునా పసుపు మరకలు. మరక పోవాలని ఇంకాస్త బ్లీచింగ్ వేయమన్నది నేనే. వేస్తే ముదిరి, నారింజ రంగుకు తిరిగింది. తుప్పు మరకకు బ్లీచింగ్ విరుగుడు కాదు, అది మరకను గుడ్డలో పాతేస్తుంది. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెడితే చాలావరకు పోతుంది, కానీ ముందు బ్లీచింగ్ పూర్తిగా పోయేలా మంచి నీళ్లలో జాడించాలి. బ్లీచింగ్‌కు పులుపు గానీ, బాత్రూం కడిగే యాసిడ్ గానీ తగిలితే ముక్కు, ఊపిరి మండించే గ్యాసు లేస్తుంది. అంత తెలివి లేకుండానే నేను ప్రాణాలతో ఉన్నానంటే అది మా ఆవిడ పుణ్యం. "పొయి మీద పెట్టేవి, పంచె మీద పెట్టేవి నువ్ జూడకు" అని నన్ను బయటికి పంపింది.

మూడో తప్పు కొంచెం సూక్ష్మమైనది, అందుకే నాకు ఎక్కువ సిగ్గు. నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో చూసే చిన్న సీసా, చుక్కల మందు పంచాయతీలో ఉంటాయి. మందు వేస్తే నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి, రంగు ఎంత చిక్కన అయితే క్లోరిన్ అంత ఎక్కువ. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని మన దేశపు ప్రమాణం, ఐఎస్ 10500. నేను ఆ కిట్టు అడిగి తెచ్చి, వీధి నల్లా నీళ్లలో రెండు చుక్కలు వేశాను. చిక్కటి పసుపు! ఇంత క్లోరిన్ ఉన్న నీళ్లకు భయమెందుకని అందరికీ చెప్పాను. నీళ్లు వదిలే అబ్బాయి అది చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. "సారూ, నీళ్లే పచ్చగ ఉన్నయి గదా. మందు ఎయ్యని నీళ్లు ఇంకో సీసాల పట్టి పక్కన పెట్టి సూడుండ్రి." పెట్టి చూస్తే రెండూ దాదాపు ఒకటే రంగు. పైగా తుప్పు పట్టిన ఇనుము కూడా ఆ మందుకు కొంత పసుపు రంగు ఇస్తుందట. రంగు నీళ్లకు ఆ పరీక్ష చేస్తే క్లోరిన్ ఉన్నట్టే కనిపిస్తుంది, లేకపోయినా.

ఇక అసలు కథ. తిరిగి నీళ్లు వచ్చిన రెండో రోజు నేను జ్ఞానిని అయ్యాననుకొని, మోటారు ఆపి, పెరట్లో నల్లా తిప్పి వదిలేశాను. పైపు కడుగుతున్నానన్నమాట. గంటసేపు పారించాను. జామచెట్టు, నిమ్మచెట్టు మునిగాయి, నీళ్లు మాత్రం గంట తర్వాత కూడా పచ్చగానే వచ్చాయి. ఆ అబ్బాయే గేటు దగ్గర నిలబడి, "సారూ, మీ నల్లా ఇప్పితే లైను కడిగినట్టు గాదు. సివర్ల వాల్వు ఇప్పాలె" అన్నాడు. పదో తరగతి తప్పిన పిల్లవాడు. నా దగ్గరే తప్పాడు.

ఆ రాత్రి చాక్‌పీసు పట్టుకున్నాను. వీధి నుంచి మా పెరటి దాకా అరంగుళం పైపు, ముప్పై మీటర్లు. లోపలి వ్యాసం ఒకటిన్నర సెంటీమీటర్లు. లెక్క వేస్తే అందులో పట్టే నీళ్లు ఐదు లీటర్ల పైచిలుకు. బిందెలో మూడో వంతు! అంటే మా ఇంటి పైపులో మురికి ఉంటే రెండు బిందెలు పారేసరికి నీళ్లు తేటపడాలి. రెండు బిందెలు దాటినా రంగు మారలేదంటే ఆ మురికి మా ఇంటిది కాదు, వీధిది. అదే వీధి పైపు లోపలి వ్యాసం ఎనిమిది సెంటీమీటర్లు అనుకుంటే, రెండు వందల మీటర్ల పొడవులో వెయ్యి లీటర్లు పడతాయి. నేను నా ఇంటిని కడుగుతున్నాననుకొని వీధినంతా నా నల్లాలోంచి లాగుతున్నాను.

అదైనా కడిగినట్టు అవుతుందా అంటే, కాదు. మా నల్లా నిమిషానికి పన్నెండు లీటర్లు వదులుతుంది. ఆ ధారకు మా అరంగుళం పైపులో నీళ్లు సెకనుకు మీటరు పైగా పరుగెత్తుతాయి, గోడకు పట్టిన మట్టిని లేపుకొని పోతాయి. అదే ధారకు వీధి పైపులో నీళ్లు కదిలేది సెకనుకు నాలుగు సెంటీమీటర్లు, చీమ నడక. అంత మెల్లగా పోతే అడుగున పేరుకున్నది కదలదు. కదిలిందల్లా కొంచెం కొంచెంగా మా ఇంటికే వస్తుంది. వీధి పైపు లోపల మీటరు వేగం రావాలంటే సెకనుకు ఐదు లీటర్లు బయటికి పోవాలి, మూడు సెకన్లకు ఒక బిందె. అది లైను చివర ఉండే కడుగు వాల్వు ఒక్కదానితోనే అయ్యే పని. మర్నాడు ఆ అబ్బాయి వాల్వు తిప్పితే మొదట టీ రంగు, తర్వాత పసుపు, పావుగంటకు తేట. నా గంట తపస్సు కన్నా ఆ పావుగంట మేలు.

రిపేరు తర్వాత ఇదంతా ఎందుకొస్తుందో అప్పుడు అర్థమైంది. పైపు రోజూ ఒకే వైపు, ఒకే తీరున పారుతుంటే అడుగున ఒండ్రు, ఇనుప పైపులైతే గోడకు తుప్పు, అలాగే కూర్చుని ఉంటాయి. నీళ్లు ఆపి, ఖాళీ చేసి, మళ్లీ ఒక్కసారిగా వదిలితే ఆ గాలి, ఆ దూకుడు కలిసి అన్నిటినీ లేపుతాయి. తవ్విన చోట పడిన మట్టి కూడా తోడవుతుంది.

ఆ తర్వాత ఇంటి పని ఇలా చేశాం. సంపుకు పోయే వాల్వు, ఫిల్టరుకు పోయే కాక్ కట్టేశాం. వీధికి దగ్గరగా, కిందగా ఉన్న నల్లా పూర్తిగా తిప్పి, రెండు మూడు బిందెలు పట్టి చెట్లకు పోశాం. తేట వచ్చాక ఒక్కొక్క నల్లా తిప్పాం, మూతికి ఉన్న జాలీలు ఊడదీసి కడిగాం. గీజరు జోలికి చివరిదాకా పోలేదు, మురికి అందులో కూర్చుంటే రావడం కష్టం. ట్యాంకులో నీళ్లను రాత్రంతా కదపకుండా ఉంచి, పైనీళ్లు వాడుకొని, అడుగు బురద చీపురుతో ఊడ్చి తీశాం. సంపు కూడా అంతే. మోటారు ఫుట్‌వాల్వు అడుగునే ఉంటుంది గనుక, అడుగు కడగకుండా మోటారు వేస్తే కథ మళ్లీ మొదటికి వస్తుంది. కడిగి నింపాకే బ్లీచింగ్, అదీ వెయ్యి లీటర్లకు చిన్న చెంచా అంత, రెండున్నర గ్రాములు. ఒక చెంబులో కలిపి, సున్నం కిందికి దిగాక పైతేట మాత్రమే పోసి, అరగంట ఆగాం. ఫిల్టరు మొదటి గొట్టం మట్టితో గోధుమరంగుకు తిరిగింది, మార్చక తప్పలేదు.

ఇక భయపడాల్సింది ఎప్పుడు? గాజు గ్లాసులో పట్టి గంట ఉంచితే నారింజ రంగు నూక అడుగుకు దిగి పైన తేటపడితే, అది ఎక్కువగా తుప్పే. బట్టలు పాడవుతాయి, చాయ్ పాడవుతుంది. కొద్దిపాటి ఇనుముతో మనిషికి ప్రమాదం లేదు, ఐనా తేటపడేదాకా తాగవద్దు, వండవద్దు. పాలలా తెల్లగా ఉండి, ఒకట్రెండు నిమిషాల్లో గ్లాసు అడుగు నుంచి పైకి తేటపడితే అది ఒట్టి గాలి. రోజూ పొద్దున మొదటి బిందె ఒక్కటే ఎర్రగా వస్తే మన ఇంటి ఇనుప పైపు ముసలిదైందని. వేడినీళ్లు మాత్రమే ఎర్రగా వస్తే గీజరు. లైను చివర కడిగాక కూడా ఒక రోజు దాటి రంగు పోకపోతే ఎక్కడో అతుకు సరిగా పడలేదని.

అన్నిటికన్నా భయపడాల్సింది తుప్పు రంగుకు కాదు, మురుగుకు. బూడిద రంగు లేక నలుపు, మోరీ కంపు, వీధిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి విరేచనాలు - ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆ నీళ్లు ముట్టవద్దు, వెంటనే పంచాయతీకి, ఆశా కార్యకర్తకు చెప్పాలి. లైను బాగయ్యేదాకా వేరే చోటి నీళ్లు, అవీ మరగబెట్టి. మరగబెడితే క్రిములు చస్తాయి, తుప్పు మాత్రం పోదు. 2018 మార్చిలో గుంటూరులో తాగునీటి పైపుల్లో మురుగు కలిసి అతిసారం ప్రబలింది, ప్రాణాలు పోయాయి. మురుగు పైపులోకి ఎలా వస్తుందని అడిగితే ఆ అబ్బాయి చెప్పిన మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. మా వీధిలో ఇళ్ల పైపులు మోరీ లోంచే దాటుతాయి. లైనులో ఒత్తిడి ఉన్నంతసేపు సన్న పగులు నుంచి నీళ్లు బయటికి కారతాయి. ఒత్తిడి పడిపోయినప్పుడు ఎవరైనా నల్లాకు మోటారు పెట్టి పీలిస్తే అదే పగులు నుంచి మోరీ నీళ్లు లోపలికి వస్తాయి. రెండు రోజులు ఖాళీగా ఉన్న లైనులో మొట్టమొదట మోటారు వేసింది ఎవరో ఆ పిల్లవాడు అడగలేదు.

తెల్లారి మోటారు ఊడదీసి సంపు దగ్గరికి మార్చాను. నల్లా మామూలు ధారగా, నిదానంగా పారింది. ఎదురింట్లోంచి మోటారు చప్పుడు వినిపించింది. వెళ్లి చెప్దామని గేటు దాకా పోయి ఆగాను. దాన్ని బిగించిన ఫిట్టరును వాళ్లకు పరిచయం చేసింది నేనే.