పదమూడు గడులు

మా పిన్ని కొడుకు జూనియర్ కాలేజీలో లెక్చరర్, కోడలు బ్యాంకులో ఆఫీసరు. విజయవాడలో కాపురం. యూకేజీ చదివే పిల్లాడు. పిన్ని వాళ్ల దగ్గరే ఉంటుంది. దసరాకి వెళ్లినప్పుడు ఫ్రిజ్ తలుపు మీద ఒక పట్టిక చూశాను. ఎడమవైపు వాడి పేరు, కుడివైపు ఆ అమ్మాయి పేరు. బట్టలు మెషిన్‌లో వేస్తే ఒక మార్కు, కూరగాయలు తెస్తే రెండు. ఆదివారం రాత్రి కూడికలు. కూడికలయ్యాక సోమవారం సాయంత్రం దాకా ఇద్దరికీ మాటలుండవు.

“వదినా, సర్వేలు చేసిన మనిషివి, నువ్వే చెప్పు” అని మరదలు నన్ను మధ్యలోకి లాగింది.

ఇద్దర్నీ విడివిడిగా పిలిచి అడిగాను, ఇంటిపనిలో నీ వంతు నూటికెంత అని. వాడు అరవై అన్నాడు. తను డెబ్బై అంది. మొత్తం నూట ముప్పై. అలాగని ఎవరూ అబద్ధం చెప్పలేదు. కెనడాలో మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే పరిశోధకులు దంపతుల్ని ఇలాంటివే అడిగి, 1979లో ఆ సంగతి ప్రచురించారు. అక్కడా చాలామంది జంటల లెక్కలు కలిపితే ఉన్న పనిని మించిపోయాయి. మనం చేసిన పని మొదలు నుంచి చివరి దాకా మనకి గుర్తుంటుంది. ఎదుటివాళ్లు చేసింది మన కంటపడినంతే గుర్తుంటుంది. అందుకే మార్కులు ఎంత నిజాయితీగా వేసుకున్నా ఇద్దరికీ అన్యాయం జరిగినట్టే ఉంటుంది.

పట్టికలో “ఇడ్లీ పిండి, 1” అని వాడి పేరు కింద ఉంది. నువ్వేం చేశావురా అని అడిగాను. రాత్రి గ్రైండర్ వేశానన్నాడు. నిజమే. కానీ డబ్బాలో మినప్పప్పు అడుక్కొచ్చిందని మూడు రోజుల ముందే చూసింది మరదలు. తెప్పించింది తను. గ్లాసు పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ లెక్కన, సాయంత్రానికి నానేలా పొద్దున ఆఫీసుకి బయల్దేరే హడావిడిలో పప్పు నీళ్లలో పోసింది తను. రవ్వ కడిగి పిండటం, పొంగడానికి చోటుండే గిన్నె వెతకడం, “గ్రైండర్ వేస్తావా” అని రెండుసార్లు గుర్తుచేయడం, అన్నీ తనే. వీటిలో ఒక్కదానికీ మార్కు లేదు. పట్టిక చేతుల పనికే మార్కు వేస్తుంది. పని ఉందని గమనించడం, ఎప్పుడు చేయాలో అనుకోవడం, అయిందో లేదో చూసుకోవడం దాని లెక్కలోకి రావు. ఇంట్లో చిరాకంతా పుట్టేది సరిగ్గా అక్కడే.

నాకు తెలిసిన దారి ఒకటే, అది చెప్పాను. పనిని ముక్కలు చేసి పంచుకోకండి, పనికి పనిగా ఒకరికి వదిలేయండి. ఇడ్లీ పిండి వాడిదైతే పప్పు నిండుకుందని గమనించడం నుంచి గ్రైండర్ కడిగి పెట్టడం దాకా వాడిదే. దానికి ముందు ఇద్దరూ కూర్చుని ఎంత బాగా చేస్తే చాలో అనుకోవాలి. వారానికి రెండుసార్లు పిండి ఉండాలి, పులవకూడదు, అంతే. ఆ తర్వాత రెండోవాళ్లు గుర్తుచేయకూడదు, పక్కన నిలబడి దిద్దకూడదు. రెండు నెలలకోసారి మాత్రం మళ్లీ కూర్చోవాలి. పరీక్షల సీజన్‌లో వాడికీ, మార్చిలో బ్యాంకు లెక్కలప్పుడు ఆ అమ్మాయికీ ఒకే బరువు మోయమంటే కుదరదు కదా.

వాడు ఇడ్లీ పిండి, గ్యాస్, వాళ్లమ్మ బీపీ మాత్రలు తీసుకున్నాడు. తను పిల్లాడి స్కూలు వ్యవహారాలు, కరెంటు బిల్లు, కూరగాయలు తీసుకుంది. డిసెంబర్‌లో ఒకసారి చలికి పిండి పొంగలేదట. ఇడ్లీలు రాళ్లలా వచ్చాయట. ఈ పద్ధతికి అసలు పరీక్ష అలాంటి పొద్దునే. మరదలు ఒక్క మాట అనకుండా తన బాక్సులో బ్రెడ్డు పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత చలి రాత్రుళ్లు పిండిని రెండు గంటలు ముందే రుబ్బుకోవాలని వాడే కనుక్కున్నాడు. తను చెప్పి ఉంటే వాడు నేర్చుకునేవాడు కాదు, పని మళ్లీ తన నెత్తినే పడేది.

సంక్రాంతి సెలవులయ్యాక వెళ్లేసరికి ఫ్రిజ్ మీద పట్టిక లేదు. ఆదివారం రాత్రి ఇద్దరూ నవ్వుకుంటూ సినిమా చూస్తున్నారు. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

“అక్కా, ఇప్పుడు నీ సర్వే పెట్టి చూడు” అన్నాడు వాడు ధీమాగా.

మేం చేసిన సర్వేలో పద్ధతి ఇది. నిన్న తెల్లవారుజాము నాలుగింటి నుంచి ఇవాళ తెల్లవారుజాము నాలుగింటి దాకా, అరగంటకో గడి. ఏ గడిలో ఏం చేశారో అడిగి రాయాలి. 2024లో దేశమంతా అలా అడిగితే, ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లకి రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్లకి 88 నిమిషాలు తేలింది. ఇక్కడ వాడివి ఐదు గడులొచ్చాయి, తనవి ఆరు. నేను అడిగిన ఇళ్లలో ఇంత దగ్గరగా వచ్చినవి చాలా తక్కువ. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

మూడో కాగితం తీశాను.

“ఇంకెవరికక్కా?”

“పిన్నికి. ఆరేళ్లు దాటినవాళ్లందర్నీ అడగాలి.”

“అమ్మకేం పనుంది? ఖాళీయే కదా” అన్నాడు వాడు. మరదలు కూడా, “అత్తయ్యగార్ని మేం ఏ పనీ చెయ్యనివ్వం వదినా” అంది. మనస్ఫూర్తిగానే అంది.

పిన్ని వచ్చి కూర్చుంది. నాలుగున్నరకి లేవడం. లేవగానే పిండి గిన్నె చూడటం.

“పిండి ఎందుకు పిన్నీ?”

“పొంగి గట్టు మీద కారుతుందే. ఫ్రిజ్‌లో పెట్టకపోతే పులిసిపోతుంది కూడాను.”

వాడు తలెత్తాడు. ఇన్నాళ్లూ తన పిండి సరిగ్గా కుదురుతోందనే అనుకున్నాడు.

నేను రాస్తూ పోయాను. పాలు కాచడం, వాకిలి చిమ్మి ముగ్గు. పిల్లాణ్ణి లేపి, స్నానం చేయించి, బస్సెక్కించడం. పనమ్మాయి కోసం తలుపు తీసి, తోమిన గిన్నెలు సర్దడం. పదింటికి కాలేజీ నుంచి ఫోనొస్తే పప్పు నీళ్లలో పోయడం. బట్టలు ఆరేయడం, తీయడం, మడతలు. చిక్కుడుకాయలు వలిచి రాత్రి కూరకి సిద్ధం చేయడం. మూడున్నరకి పిల్లాడికి అన్నం, వాడి వెనకాలే పార్కుకి. సాయంత్రం దీపం పెట్టే వేళకి మళ్లీ గ్యాస్ గట్టు తుడవడం.

లెక్కపెట్టాను. పదమూడు గడులు. వాళ్లిద్దరివీ కలిపినా పదకొండే.

ఎవరూ మాట్లాడలేదు. కాగితం పైభాగంలో వృత్తి రాసే గడి ఇంకా ఖాళీగా ఉంది.

“ఇక్కడేం రాయమంటావు పిన్నీ?” అన్నాను.

“ఖాళీ అని రాయవే” అంది పిన్ని. “వాడు ఇందాకే చెప్పాడుగా.”