నాలుగు కోట్ల మక్కల రైతు

సిద్దిపేట మార్కెట్ యార్డులో మక్కలు అమ్ముకున్న రైతు కోటీశ్వరుడు కావడానికి వాన పడనక్కర్లేదు, ధర పెరగనక్కర్లేదు. చేతిలో తక్‌పట్టీ కార్బన్ ప్రతి ఉండాలి. అందులో రూపాయల గడికీ పైసల గడికీ మధ్య అచ్చువేసిన నిలువు గీత ఉండాలి. దాన్ని చూసి టైపు చేసే కుర్రాడికి కాస్త తొందర ఉండాలి. గుమాస్తా రూపాయల్లో 47112 అనీ, గీతకు అవతల 00 అనీ రాశాడు. మధ్యలో ఉన్న గీతనూ ఒకటిగా లెక్కేస్తే 4,71,12,100 అయింది. నాలుగు కోట్ల డెబ్బై ఒక్క లక్షల చిల్లర! ఆదాయపు పన్ను శాఖ ఇంకా సిద్దిపేట బస్సు ఎక్కలేదంటే అది ఆ శాఖ దయ.

“పెద్దబాపూ, గిన్ని పైసలు యాడ పెట్టినవే?” అని కుర్రాడు.

“నీ స్క్రీన్ల ఉన్నయి బిడ్డా, తీసియ్యి” అని పెద్దాయన.

ఇది ఊహించిన సంభాషణే గానీ, గీతను అంకెగా చదివే రోగం మాత్రం నిజం. నీలం రాత అచ్చు గీతల మీద పడినప్పుడు గీత కూడా రాతలో కలిసిపోతుంది. సున్నా నడుమ నుంచి అడ్డగీత పోతే ఎనిమిదిలా కనిపిస్తుంది. ఆరు పైకొమ్ము గీతలో కలిస్తే సున్నా మిగులుతుంది. చుక్కల గీత మీద రాసిన మొత్తంలో ఏది దశాంశ బిందువో, ఏది ప్రెస్సువాడు వేసిన చుక్కో తేల్చడానికి పంచాయితీ పెట్టాలి.

కార్బన్ కాగితానికి ఇంగ్లాండులో రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ 1806లో పేటెంటు తీసుకున్నాడు. రెండు వందల ఏళ్లు దాటినా సూత్రం మారలేదు. పలుచని కాగితానికి మైనం, రంగు కలిపి పూస్తారు. పైన పెన్ను నొక్కితే ఆ పూత కింది కాగితానికి అంటుకుంటుంది. సిరాలా లోపలికి ఇంకదు, పైపైనే ఉంటుంది. అందుకే చొక్కా జేబులో పది రోజులు తిరిగితే సగం రాత జేబుకే బదిలీ అవుతుంది.

కొత్త కార్బన్ అయితే ఇంత గొడవ లేదు. కానీ మన గుమాస్తాలు కార్బన్‌ను వంశపారంపర్య ఆస్తిగా వాడతారు. నొక్కిన ప్రతిసారీ ఆ చోట పూత కొంత పోతుంది. తేదీ, రేటు, మొత్తం ప్రతి రసీదులోనూ ఒకే చోట పడతాయి కాబట్టి ముందు అరిగేవి కూడా ఆ చోట్లే. ఫలితంగా అచ్చులో ఉన్న “శ్రీ” అన్న అక్షరం పెళ్లిపత్రికంత స్పష్టంగా ఉంటుంది, డబ్బు మాత్రం కనిపించదు. దానికి తోడు సెట్టు కింద అట్ట పెట్టడం మరిచిపోతే ముందు రైతు లెక్క తర్వాతి రైతు రసీదు మీద కూడా పడుతుంది. ఇద్దరి మక్కలు ఒకే కాగితంలో కలిసిపోతాయి.

ఇంత మాసిన కాగితం పట్టుకుని కౌంటరు దగ్గరికి పోతే వినిపించే మాట ఒకటే: “ఒరిజినల్ తెండి.” చట్టం అలా అనలేదు. ఒకే విధానంలో ఒకేసారి తయారైన ప్రతులన్నీ ప్రాథమిక సాక్ష్యమేనని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది. అలా రాసిన కార్బన్ ప్రతికీ ఆ హోదా ఉంటుందని 1989లో పృథీ చంద్ కేసులో సుప్రీంకోర్టు అంది. 2024 జులై 1న కొత్త సాక్ష్య చట్టం అమల్లోకి వచ్చినా ఈ సూత్రం పోలేదు. సుప్రీంకోర్టు ఒప్పుకున్న కాగితాన్ని కౌంటరు ఒప్పుకోదు. పై కోర్టు ఏదో రైతుకు తెలియాలి కదా!

సరే, చదవడం ఎలా? ముందు చేయకూడనివి. లామినేషన్ వద్దు, వేడికి మైనం కరిగి రాత అలుక్కుపోతుంది. పాలిపోయిన అంకెల మీద పెన్నుతో దిద్దడం అంతకంటే వద్దు, అది చదవడం కాదు, కొత్త రసీదు రాయడం. ఫోన్లో డాక్యుమెంటు మోడ్ పెట్టి తీస్తే అది నీలాన్ని నీడ అనుకుని తుడిచేస్తుంది. రంగుల్లోనే, 600 డీపీఐతో స్కాన్ చేయాలి.

తర్వాత GIMP లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో Colors, Components, Decompose నొక్కితే బొమ్మ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలుగా విడిపోతుంది. నీలం రాత ఎరుపు పొరలో నల్లగా తేలుతుంది. ఫారం గీతలు ఎరుపులో అచ్చయి ఉంటే అదే పొరలో అవి దాదాపు మాయమవుతాయి. గీతలు నల్లవైతే ఏ పొరలోనూ పోవు. అప్పుడు నీలం పొర చూడాలి. అందులో రాత పాలిపోయి అచ్చు ఒక్కటే నిలుస్తుంది. రెండు పొరలూ పక్కపక్కన పెడితే ఏది గీతో, ఏది అంకెలో భాగమో తెలుస్తుంది. మన కోటీశ్వరుడి ఒకటి నీలం పొరలోనూ నల్లగా, నిటారుగా నిలబడే ఉంది. అక్కడితో ఆయన కోట్లు పోయాయి. గీతలు కూడా నీలంలోనే అచ్చయితే ఈ విద్య పనిచేయదు. చీకటి గదిలో కాగితం పక్క నుంచి టార్చి వేయాలి. పెన్ను నొక్కిన చోట సన్నని గాడి ఉంటుంది, ఆఫ్‌సెట్‌లో అచ్చయిన గీతకు ఉండదు.

కోట్లు పోయినా మన తక్‌పట్టీ తేలలేదు. బరువు 22.65 క్వింటాళ్లో, 22.05 క్వింటాళ్లో తెలియదు. రేటు 2,080 కావచ్చు, 2,030 కావచ్చు. మొత్తంలో రెండో అంకె మడత మీద పడి ఏడో ఒకటో అన్నట్టుంది, చివరి 112 మాత్రం స్పష్టం. నాలుగు రకాలుగా గుణించి చూస్తే 22.65ను 2,080తో గుణించినప్పుడు 47,112 వస్తుంది. మిగతా మూడూ 45,979.50, 45,864, 44,761.50. చివర 112 ఉన్నది ఒక్కటే. బరువు, రేటు, మొత్తం ఒక్కదెబ్బకు తేలాయి.

ఇక్కడే చాలామంది అత్యుత్సాహం చూపిస్తారు. లెక్క కుదరకపోతే గుమాస్తా తప్పును కూడా దిద్దేస్తారు. గుమాస్తాకు గుణకారం రాకపోవడం కూడా సాక్ష్యమే. ఉన్నది ఉన్నట్టు రాయాలి, అనుమానమున్న అంకెను చదరపు బ్రాకెట్లో పెట్టాలి, లెక్కతో తేలిందైతే ఆ సంగతి పక్కన చెప్పాలి. అసలు కనిపించనిదాన్ని ఊహతో నింపకూడదు.

ఇంకో తమాషా. కింది కాగితం కాస్త జరిగితే హమాలీ కూలి దడువాయి గడిలోకి, దడువాయిది చాట కూలి గడిలోకి దిగుతుంది. కాగితం ప్రకారం మూటలు మోసినవాడికి ఏమీ రాలేదు! అప్పుడు తేదీని చూడాలి. అది తన చుక్కల గీతకు అర సెంటీమీటరు కిందికి జారి ఉంటే మిగతా అంకెలన్నీ దాదాపు అంతే జారాయని అర్థం. అన్నింటినీ అంతే పైకి జరిపి చదవాలి.

రైతులకు చెప్పేది ఇంతే: తక్‌పట్టీ అందిన రోజే వెలుతురులో రంగుల ఫొటో తీసి పెట్టుకోండి. సిద్దిపేట ప్రెస్సుల వాళ్లకు మాత్రం ఒక విన్నపం. బిల్ బుక్కుల గీతలు లేత ఎరుపులో వేయండి, రూపాయల పక్కన ఆ నిలువు గీతను రెండు గీతలుగా వేయండి.