ఎల్ అంటే ఎంత?

డెంగీ రోగుల ప్లేట్‌లెట్లు రోజురోజుకీ ఎలా పడి లేచాయో చూడాలని మా ప్రొఫెసర్‌గారు పరిశోధన తలపెట్టారు. కేసు షీట్లు టైపు చేయించి ఆ ఫైలు నాకిచ్చి, "ఏముందమ్మా, యూనిట్లు ఒకేలా సర్దేస్తే చాలు" అన్నారు. "ఏముందమ్మా" అంటూ మొదలైన పని తొందరగా తెమలడం నేనైతే చూడలేదు.

ప్లేట్‌లెట్ల గడిలో ఒకరు 1,20,000 అని నిండుగా రాస్తారు. అన్ని సున్నాలు చుట్టే ఓపిక లేనాయన 1.2 అంటాడు. ఇంకొకాయన 120K. ల్యాబు మిషనేమో 120 అని ఊరుకుంటుంది, దాని లెక్క వేలల్లో. నాలుగూ ఒకటే. ఇంతవరకూ కంప్యూటరుకి నచ్చజెప్పొచ్చు: చుక్క ఉన్న చిన్న అంకెని లక్షతో, రెండు మూడంకెలుంటే వెయ్యితో హెచ్చవేయి, వేలల్లో ఉంటే ముట్టుకోకు, ఉత్త 8 కనిపిస్తే మాత్రం పక్కన పెట్టు, అది ఎనిమిది వేలో ఎనిమిది లక్షలో రాసినాయనకే తెలియాలి.

చిక్కంతా L తో. "1.2L" చూపిస్తే డ్యూటీ డాక్టరు "లక్ష మేడం, ఇంకేముంది" అన్నాడు. "85 L" చూపిస్తే ల్యాబు కుర్రాడు నవ్వాడు. "అది లో మేడం. తక్కువుంటే మిషనే కొడుతుంది." డాక్టరుగారి లెక్కన ఆ రోగికి 85 లక్షల ప్లేట్‌లెట్లు! వార్డంతటికీ పంచినా మిగులుతాయి. ఇంకోచోట 10^9/L అని ఉంది, అక్కడది లీటరు. అందుకని ముందు అంకె మొహం చూసి, ఆ తర్వాతే L కి అర్థం ఇస్తున్నాను.

ఒక రోగి వరస ఇది: 1.4, 98, 62K, 11, 78,000. పదకొండు వేలు డెంగీలో ఉండకూడని అంకేం కాదు, కంప్యూటరు కిమ్మనకుండా ఒప్పుకుంది. కానీ ముందురోజు 62 వేలు, మర్నాడు 78 వేలు ఉన్నవాడు మధ్యలో పదకొండుకి పడి వచ్చాడా? ప్లేట్‌లెట్లు ఎక్కించిన దాఖలా లేదు. రక్తస్రావం ఊసు లేదు. ఆ రోజు నర్సమ్మ రాసింది "రెండు ఇడ్లీలు తిన్నాడు" అని. పోనీ 1.1 లో చుక్క ఎగిరిపోయిందా అంటే, లక్షా పదివేల నుంచి మళ్లీ 78 వేలకి దిగాలి; కోలుకుంటున్నవాడికి అదీ పొసగదు. పాత ఫైలు తీయించాం. ల్యాబు చీటీలో 71,000. షీటులోకి ఎక్కించినవారి ఏడు, టైపిస్టుకి ఒకటిలా కనపడింది.

అందుకే షీటులో ఉన్నది ఒక వరసలో అలాగే ఉంచి, నా అంకె పక్క వరసలో, ఎందుకు మార్చానో ఆ పక్కన రాస్తున్నాను. చీటీ దొరకని చోట "అస్పష్టం".

"సగటు వేసెయ్యకూడదామ్మా?" అన్నారు ప్రొఫెసర్‌గారు.

"వేస్తాను సార్, మీరు కాగితం మీద రాసి సంతకం పెట్టండి."

ఆయన టీ చెప్పారు.

ఇప్పుడు కంటి విభాగం ఫైలు కూడా నాకే వచ్చింది. జ్వరం వార్డులో OD అంటే రోజుకొకసారి, వీళ్లకి కుడి కన్ను. పాత నియమాలతోనే నడిపితే మొదటి రోగి కథ ఇలా తేలింది: "రోజుకొకసారి ఎర్రబడింది, నీరు కారుతోంది."